వెయ్యి మెయిల్‌బాక్సులకు ఎంత సర్వర్ కావాలి?

సోమవారం ఉదయం పది దాటి పది నిమిషాలైంది. కాలేజీ ఏఓ గారు ఫోన్ చేశారు. "మెయిల్ తెరుచుకోవడం లేదండీ. డిస్కు నిండిపోయినట్టుంది. ఇంకాస్త పెద్దది కొనేద్దామా?" అన్నారు. సర్వర్‌లోకి వెళ్లి చూశాను. డిస్కు సగం ఖాళీగానే ఉంది. ప్రాసెసర్ పని 15 శాతం దాటలేదు. అయినా ఒక్క ఉత్తరం తెరవాలంటే అరనిమిషం పడుతోంది. పదకొండున్నరకల్లా అంతా దానంతటదే సర్దుకుంది. మంగళవారం పది కొట్టేసరికి మళ్లీ అదే అవస్థ.

అది వెయ్యి మెయిల్‌బాక్సులున్న ఇంజనీరింగ్ కాలేజీ. అక్కడ రెండు ఉచిత ప్రోగ్రాములు కలిసి పనిచేస్తాయి. పోస్ట్‌ఫిక్స్ ఉత్తరాలను అందుకుంటుంది, బయటికి పంపుతుంది. డవ్‌కాట్ వాటిని ఎవరి పెట్టెలో వారికి దాచి, అడిగినప్పుడు తీసి చూపిస్తుంది. సర్వర్‌లో ఎనిమిది కోర్ల ప్రాసెసర్, 8 జీబీ మెమరీ, 2 టీబీ హార్డ్ డిస్కులు రెండు ఉన్నాయి. ఒక డిస్కు రెండోదానికి నకలు. కొన్నప్పుడు వేసిన లెక్క కొటేషన్ కాగితం మీద ఇంకా ఉంది: మనిషికి 1 జీబీ, వెయ్యి మందికి 1 టీబీ, ముందుచూపుగా దానికి రెట్టింపు. ఆ లెక్కలో తప్పేమీ లేదు. అయితే అది ఉత్తరాలు పెట్టుకోవడానికి ఎంత చోటు కావాలో చెప్పే లెక్క. వాటిని పెట్టడానికీ తీయడానికీ డిస్కు ఎన్నిసార్లు కదలాలో అందులో ఎవరూ వేయలేదు.

తాలూకా ఆఫీసు రికార్డు రూములో అటెండరును గుర్తు చేసుకోండి. ఫలానా సర్వే నంబరు ఫైలు కావాలంటే ఆయన లేచి, బీరువా వెతుక్కుని, ఫైలు తీసుకుని బల్ల దగ్గరికి రావాలి. ఆ ఫైలులో రెండు కాగితాలున్నా, ఇరవై ఉన్నా ఆయనకు పట్టే సమయం ఇంచుమించు ఒకటే. సమయమంతా నడకకే పోతుంది. గది ఎంత పెద్దదైతే ఆయన అంత త్వరగా తిరుగుతాడని ఎవరూ అనుకోరు కదా. హార్డ్ డిస్కు కూడా అంతే. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కులో రాసే-చదివే ముల్లు కావలసిన వరుస దగ్గరికి జరగడానికి సగటున ఎనిమిదిన్నర మిల్లీసెకన్లు, ఆ వరుసలో కావలసిన చోటు తిరిగి ముల్లు కిందికి రావడానికి ఇంకో నాలుగు మిల్లీసెకన్లు పడుతుంది. అంటే చెదురుమదురుగా అడిగే పనులైతే సెకనుకు 75 నుంచి 80 తడవలు మాత్రమే. ఇంజనీర్లు దీన్ని ఐఓపీఎస్ అంటారు. నేను తడవలనే అంటాను. 2 టీబీ డిస్కుకీ 8 టీబీ డిస్కుకీ చుట్ల వేగం ఒకటే అయితే ఈ తడవల సంఖ్య కూడా దాదాపు ఒకటే. ఏఓ గారు అన్నట్టు పెద్ద డిస్కు కొని ఉంటే ఇంకా పెద్ద రికార్డు రూములో అదే అటెండరు తిరుగుతుండేవాడు.

ఇక ఎన్ని తడవలు కావాలో తేల్చాలి. దీనికి ఊహలు అక్కర్లేదు, సర్వర్ దగ్గరే లెక్కలుంటాయి. నేను వాడినవి మూడే కమాండ్లు:

```
pflogsumm -d yesterday /var/log/mail.log
doveadm who -1 | wc -l
iostat -x 5
```

మొదటిది నిన్న ఏ గంటలో ఎన్ని ఉత్తరాలు అందాయో చెబుతుంది. రెండోది ఈ క్షణాన ఎన్ని కనెక్షన్లు తెరిచి ఉన్నాయో చెబుతుంది. మూడోది ఐదు సెకన్లకోసారి డిస్కు ఎన్ని తడవలు రాసిందో, ఎన్ని తడవలు చదివిందో, ఒక్కో తడవకు ఎంతసేపు ఆగాల్సి వచ్చిందో చూపిస్తుంది. ఈ లెక్కలు రోజు సగటున తీసుకుంటే పనికిరావు. రాత్రి రెండు గంటలకు సర్వర్ ఎంత తీరిగ్గా ఉందో మనకెందుకు? అన్నిటికంటే రద్దీ ఉన్న గంట కావాలి, ఆ గంటలోనూ రద్దీ ఎక్కువున్న నిమిషం కావాలి.

మా లాగుల్లో తేలింది ఇది. వెయ్యి పెట్టెలకు రోజుకు 60,000 ఉత్తరాలు చేరుతున్నాయి. అందులో 15 శాతం, అంటే 9,000, పది-పదకొండు మధ్య వస్తున్నాయి. సెకనుకు రెండున్నర. వినడానికి ఏమంత కాదు. కానీ ఉత్తరాలు వరుసగా ఒకటి తర్వాత ఒకటి రావు, గుంపులుగా వచ్చిపడతాయి. ఆ గంటలో అన్నిటికంటే రద్దీగా ఉన్న నిమిషంలో 450 చేరాయి, అంటే సెకనుకు ఏడున్నర.

ఒక్క ఉత్తరం చేరాలంటే ఎన్నిసార్లు రాయాలి? పోస్ట్‌ఫిక్స్ ముందు దాన్ని తన క్యూలో ఒక ఫైలుగా రాస్తుంది. రాసి ఊరుకోదు, అది నిజంగా డిస్కు మీదికి చేరిందని ఖాయం చేసుకున్నాకే పంపినవాళ్లకు "అందింది" అని చెబుతుంది. ఆ మాట చెప్పాక ఉత్తరం బాధ్యత తనదే కాబట్టి, మధ్యలో కరెంటు పోయినా అది పోకూడదు. తర్వాత ఆ ఫైలు ఇంకో క్యూలోకి మారుతుంది. డవ్‌కాట్ దాన్ని పెట్టెలో తాత్కాలిక ఫైలుగా రాసి, మళ్లీ ఖాయం చేసుకుని, అసలు చోటికి పేరు మారుస్తుంది. సూచికలో ఒక నమోదు చేస్తుంది. పోస్ట్‌ఫిక్స్ క్యూలోని ఫైలును చెరిపేస్తుంది. వీటిలో ప్రతి అడుగునూ ఫైల్ సిస్టమ్ తన చిట్టాలో కూడా రాసుకుంటుంది. అన్నీ కూడితే ఉత్తరానికి 15 రాతలు అని వేసుకోవడం నాకు అలవాటు. స్పామ్ తనిఖీ చేసే ప్రోగ్రాం ఉత్తరాన్ని తీసుకుని, చూసి, మళ్లీ క్యూలో వేసే అమరిక ఉంటే క్యూ రాతలు రెట్టింపవుతాయి. క్యూలో చేరకముందే తనిఖీ జరిగే పద్ధతి, మిల్టర్ అంటారు, అందుకే డిస్కుకు హాయి. మా దగ్గర ఉన్నది అదే.

సెకనుకు రెండున్నర ఉత్తరాలకు 15 చొప్పున దాదాపు 38 రాతలు. ఒకదాని నకలు ఇంకోటిగా ఉన్న రెండు డిస్కుల్లో ప్రతి రాతనూ రెండుచోట్లా రాయాలి కాబట్టి 75 తడవలు. రెండు డిస్కులూ కలిపి ఇవ్వగలిగింది 150. అంటే రద్దీ గంట సగటుకు సగం సామర్థ్యం రాతలకే పోతుంది, మిగతా సగం చదవడానికి మిగులుతుంది. మరి చదివే తడవలెన్ని? ఉదయం 600 మంది పనిలో ఉంటారు, అందులో 400 మంది కంప్యూటర్ల ముందు. ఒక్కొక్కరు ఇరవై సెకన్లకోసారి ఏదో ఒకటి నొక్కుతారనుకుంటే సెకనుకు 20 పనులు. ఒక్కో పనికి సూచిక చదవాలి, ఫైలు ఎక్కడుందో వెతకాలి, తీయాలి. ఐదు తడవలు వేద్దాం. మొత్తం 100. రాతలవి 75, ఇవి 100, కలిపి 175. ఉన్నది 150.

ఎందుకు ఆగిపోయిందో ఇప్పటికి సగం తెలిసింది. మిగతా సగం మెమరీలో దొరికింది. చదివే 100 తడవలూ నిజానికి డిస్కు దాకా వెళ్లనక్కర్లేదు. ఒకసారి చదివిన దాన్ని లినక్స్ ఖాళీగా ఉన్న మెమరీలో అట్టిపెట్టుకుంటుంది. మళ్లీ అడిగితే అక్కడినుంచే ఇస్తుంది. అటెండరు ఈరోజు తరచుగా అడుగుతున్న ఫైళ్లను బల్ల మీదే ఉంచుకోవడం లాంటిదిది. జనం చూసేవి ఎక్కువగా ఈరోజు, నిన్నటి ఉత్తరాలే కాబట్టి బల్ల సరిపడా ఉంటే పదిలో తొమ్మిది తడవలు అక్కడే తీరిపోతాయి. మరి మా బల్ల మీద చోటెంత? 8 జీబీ మెమరీలో వైరస్ తనిఖీ ప్రోగ్రాం క్లామ్ ఏవీ ఒకటిన్నర తినేస్తోంది. స్పామ్ తనిఖీకి ఒకటి, సిస్టమ్‌కు ఇంకొకటి. మిగతా నాలుగున్నర జీబీ ఎటు పోయిందో వెతికితే కనెక్షన్లు కనిపించాయి.

పోస్టాఫీసుకు వెళ్లి ఉత్తరం తెచ్చుకున్నట్టు ఉండేది పాత పాప్ పద్ధతి. వచ్చి, తీసుకుని, వెళ్లిపోతారు. ఇప్పుడు అందరూ వాడేది ఐమ్యాప్. ఫోనైనా కంప్యూటరైనా ఉదయం తెరిచిన కనెక్షన్‌ను సాయంత్రం దాకా వదలదు, కొత్త ఉత్తరం వస్తుందేమోనని పట్టుకునే ఉంటుంది. థండర్‌బర్డ్ మామూలు అమరికలో ఒక్కో ఖాతాకు ఐదు కనెక్షన్ల దాకా తెరిచి ఉంచుకుంటుంది. 400 కంప్యూటర్లు సగటున నాలుగేసి చొప్పున 1,600, ఫోన్లు 600, మొత్తం 2,200. డవ్‌కాట్ మామూలు అమరికలో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ నడుపుతుంది. మా సర్వర్‌లో ఒక్కోటి 2 ఎంబీ పట్టుకుంది. లెక్కేస్తే 4.4 జీబీ. అంటే బల్ల మీద చోటు సున్నా.

పాత లాగులు తిరగేస్తుంటే ఏడాది కిందటి వాక్యం ఒకటి కనిపించింది:

```
service(imap): process_limit (1024) reached, client connections are being dropped
```

డవ్‌కాట్‌లో ఐమ్యాప్ ప్రాసెస్‌లకు మొదటినుంచీ ఉండే హద్దు 1,024. అది దాటాక కొత్తవాళ్లకు లాగిన్ దొరకలేదు. నాకు ముందు ఆ పని చూసినవారు `process_limit` ను 4,096కు పెంచారు. లాగిన్లు కుదిరాయి, ఫిర్యాదులు ఆగాయి. కానీ ఆ హద్దుతో పాటు మెమరీ పెంచలేదు. కాలేజీలో ఫోన్లు పెరిగినకొద్దీ ఒక్కో కనెక్షన్ 2 ఎంబీ చొప్పున బల్లను కొరుక్కుంటూ వచ్చింది. చివరికి ప్రతి చదువూ డిస్కుకు పోవలసి వచ్చింది. మెమరీ తక్కువైందని మెమరీ ఎక్కడా చెప్పదు. ఆ లోటు డిస్కు నెమ్మదించినట్టు బయటపడుతుంది. నన్నడిగితే ఈ పనిలో ఇంతకంటే తెలుసుకోవలసిన విషయం ఇంకోటి లేదు. అందుకే `iostat` లో రాతల కంటే చదివే తడవలు ఎక్కువగా కనిపిస్తే నేను డిస్కు కొటేషన్ అడగను, ముందు మెమరీ చూస్తాను. తగినంత మెమరీ ఉన్న మెయిల్ సర్వర్ డిస్కు ఎక్కువగా రాస్తూ కనిపించాలి.

సరే, బల్ల ఎంత ఉండాలి? ఒక్కో పెట్టెలో సగటున పదివేల ఉత్తరాలు, సగటు సైజు 100 కేబీ. డవ్‌కాట్ సూచికలు పెట్టెకు 10 ఎంబీ దాకా వచ్చాయి. రోజుకు 60 ఉత్తరాల చొప్పున రెండు రోజులవి 12 ఎంబీ. పెట్టెకు 22, పనిలో ఉన్న 600 మందికి 13 జీబీ పైచిలుకు. దీనికి కనెక్షన్ల 4.4 కలపాలి. క్లామ్ ఏవీకి ఒకటిన్నర చాలదు, మూడు వేయాలి. కొత్త వైరస్ జాబితా వచ్చినప్పుడు అది పాతదాన్ని వదలకుండానే కొత్తదాన్ని ఎక్కించుకుంటుంది, ఆ కాసేపు మెమరీ రెట్టింపవుతుంది. ఈ సంగతి మరిచిపోయిన సర్వర్లలో రోజుకోసారి ఏదో ఒక ప్రాసెస్ అర్ధంతరంగా చచ్చిపోతుంటుంది, ఎందుకో తెలియక జుట్టు పీక్కుంటారు. స్పామ్ తనిఖీకి ఒకటి, సిస్టమ్‌కు రెండు. మొత్తం 24 జీబీకి కాస్త తక్కువ. 32 జీబీ వేస్తే ఊపిరాడుతుంది.

ముందు ఆ ఒక్క పనే చేయించాను. మెమరీ 32 చేసి, తర్వాతి సోమవారం పదింటికి `iostat` తెరుచుకుని కూర్చున్నాను. చదివే తడవలు 100 నుంచి పది దరిదాపుల్లోకి పడ్డాయి. రాతలవి 75 అలాగే ఉన్నాయి. 150కి 85. మెమరీ ఎంత పోసినా రాతలు తగ్గవు. ఖాయం చేసుకోవాలన్న షరతు ఉన్నంతకాలం అవి డిస్కుకు పోవలసిందే.

మైక్రోసాఫ్ట్ ఎక్స్‌చేంజ్ చరిత్రలో కూడా ఇదే జరిగింది. 2003 నాటి ఎక్స్‌చేంజ్ 32 బిట్ ప్రోగ్రాం. ఎంత మెమరీ కొన్నా దాని డేటాబేస్ ఒకటింపావు జీబీ లోపే వాడుకోగలిగేది, అందుకే ఆ రోజుల్లో పెద్ద కంపెనీలు మెయిల్ కోసం అలమారాల కొద్దీ డిస్కులు పెట్టేవి. 2007లో అది 64 బిట్‌కు మారి ఆ హద్దు పోయింది. డిస్కు పని 70 శాతం దాకా తగ్గిందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. 2010 వెర్షన్‌కు ఆ కంపెనీ ఇచ్చిన ప్రణాళిక పట్టికలో, రోజుకు 100 ఉత్తరాలు పంపుతూ అందుకుంటూ ఉండే మనిషికి 6 ఎంబీ మెమరీ, 0.12 తడవలు అని ఉంటుంది. వెయ్యి మందికి 6 జీబీ, 120 తడవలు. మెమరీ, తడవలు పక్కపక్క గడుల్లో ఉండటం చూడండి. మొదటి గడి నింపకపోతే రెండో గడిలోని అంకె నిలవదు.

మళ్లీ మా రద్దీ నిమిషానికి వద్దాం. 85 అన్నది గంట సగటు. ఆ 450 ఉత్తరాల నిమిషంలో రాతలు సెకనుకు 110 దాటతాయి, రెండు డిస్కుల మీద 225 తడవలు. 150 ఇవ్వగల జత ఆ నిమిషం వెనకబడి, ఆ తర్వాతి నిమిషాల్లో పుంజుకోవాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. డిస్కు సామర్థ్యం నూటికి నూరు శాతం నిండేదాకా అంతా సాఫీగా సాగి, ఆ తర్వాతే ఆగుతుందని చాలామంది అనుకుంటారు. టికెట్ కౌంటర్ దగ్గర నిలబడ్డ ఎవరికైనా తెలుసు, జనం ఎప్పుడొస్తారో తెలియని చోట కౌంటర్ నిండుతున్నకొద్దీ క్యూ ఇంకా వేగంగా పెరుగుతుంది. స్థూలంగా లెక్క ఇది: ఒక పనికి పట్టే సమయాన్ని మిగిలిన ఖాళీ భాగంతో భాగిస్తే మొత్తం వేచి ఉండే సమయం వస్తుంది. తడవకు 13 మిల్లీసెకన్లు పట్టే డిస్కు సగం నిండితే 26 అవుతుంది. 80 శాతానికి 65. 90కి 130. 95కి 260. ఒక ఉత్తరం తెరవడానికి అలాంటి తడవలు ఐదు వరుసగా కావాలి. అందుకని రద్దీ గంటలో డిస్కు 60 శాతం దాటకుండా ఉండేలా కొనాలన్నది నేను పెట్టుకున్న నియమం. `iostat` లో `r_await` అనే గడి 20 మిల్లీసెకన్ల పైనే నిలబడిపోతే జనం ఫోన్లు మొదలయ్యే రోజు దగ్గర్లో ఉన్నట్టే.

రెండు డిస్కులను నాలుగు చేసి, నకలు పద్ధతిలోనే కలిపితే, దాన్ని రెయిడ్ 10 అంటారు, 300 తడవలు వస్తాయి. 225 రాతలు అందులో ఇముడుతాయి. చోటు కలిసొస్తుందని అదే నాలుగు డిస్కులను రెయిడ్ 5గా కలపమని అమ్మేవాళ్లు చెబుతారు. మెయిల్‌కు ఆ మాట వినకండి. రెయిడ్ 5లో ఒక చిన్న రాతకు పాత ముక్క చదవాలి, పాత సరిచూపు ముక్క చదవాలి, రెండూ కొత్తగా రాయాలి. రాతకు నాలుగు తడవలు. మన 110 కాస్తా 450 అవుతుంది, ఉన్నది 300. సినిమాలు దాచుకోవడానికి రెయిడ్ 5 బాగానే ఉంటుంది. చిన్న చిన్న రాతలతోనే బతికే మెయిల్‌కు అది కుదరదు.

ఇవాళ కొంటున్నవారు ఈ లెక్క చూసి, ఎస్ఎస్‌డీ పెడితే పోయేదానికి ఇంత తలనొప్పి దేనికని అడుగుతారు. నిజమే, ముల్లు లేని ఎస్ఎస్‌డీ వేల తడవలు అవలీలగా ఇస్తుంది. వెయ్యి పెట్టెలకు తడవల కొరత రాదు. అయినా రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ఇంట్లో వాడే చవక ఎస్ఎస్‌డీ "ఖాయం చేశావా?" అని అడిగినప్పుడల్లా తన లోపలి మెమరీని ఖాళీ చేసుకోవాల్సి వచ్చి, మిల్లీసెకన్లు తీసుకుంటుంది. సర్వర్ల కోసం చేసినదానిలో కరెంటు పోయినా ఆ కాస్త రాత పూర్తి చేసేంత విద్యుత్తు నిలిపే కెపాసిటర్లుంటాయి, అది వెంటనే జవాబిస్తుంది. కొనేటప్పుడు ఆ ఒక్క గుణం అడగాలి. రెండోది క్లౌడ్ అద్దె. అమెజాన్ జీపీ2 డిస్కు జీబీకి మూడు తడవల చొప్పున ఇస్తుంది, 100 జీబీకి 300. అయితే దాచిపెట్టుకున్న మిగులు ఉన్నంతసేపు 3,000 దాకా పరుగెత్తనిస్తుంది. ఆ మిగులు పూర్తి వేగంతో వాడితే అరగంట పైన కాసేపటికి అయిపోతుంది. పదిహేను నిమిషాల పరీక్షలో 3,000 చూసి సంతోషించినవారు సోమవారం పదిన్నరకు 300 చూస్తారు. కొత్త జీపీ3 రకంలో మాత్రం 3,000 ఎప్పుడూ నిలకడగా ఉంటుంది.

ప్రాసెసర్ గురించి చెప్పవలసింది తక్కువ. ఐమ్యాప్ పని ఎక్కువగా ఫైళ్లు తీసి చూపడమే, దానికి ఒక కోరు కూడా నిండదు. నిజంగా ప్రాసెసర్‌ను తినేది స్పామ్ తనిఖీ. మా దగ్గర స్పామ్ అసాసిన్ ఒక్కో ఉత్తరానికి కోరు మీద అర సెకను తీసుకుంది. సెకనుకు రెండున్నర ఉత్తరాలకు కోరున్నర లోపు. సగమే నింపాలనుకుంటే రెండున్నర కోర్లు, మిగతా పనులన్నిటికీ ఒకటిన్నర, వెయ్యి పెట్టెలకు నాలుగు కోర్లు. రద్దీ నిమిషంలో ఏడున్నర వస్తే ఇవి వెనకబడవా? పడతాయి. పడనివ్వండి. ఆ నిమిషం కొందరు పంపే సర్వర్లు ఆగి మళ్లీ ప్రయత్నిస్తాయి, ఉత్తరం రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, ఎవరూ గమనించరు. కానీ తెర ముందు కూర్చుని ఉత్తరం మీద నొక్కిన మనిషి రెండు సెకన్లు ఆగినా విసుక్కుంటాడు. అందుకే డిస్కుకు రద్దీ నిమిషం చూస్తాను, ప్రాసెసర్‌కు రద్దీ గంట చాలు. పోస్ట్‌ఫిక్స్‌లోని పోస్ట్‌స్క్రీన్ ముందు వరుసలో నిలబడి స్పామ్ పంపే యంత్రాలను తలుపు దగ్గరే తిప్పి పంపితే ఈ కోర్లు కూడా చాలావరకు ఖాళీగానే ఉంటాయి.

ఈ లెక్కలన్నిటినీ తలకిందులు చేసేవి రోజువారీ ఉత్తరాలు కావు. అప్పుడప్పుడు వచ్చే పెద్ద పనులు. అసలు ఉత్తరంలోని మాట కోసం ఎవరైనా వెతికారనుకోండి, అలాంటి వెతుకులాటకు విడి సూచిక పెట్టకపోతే డవ్‌కాట్ ఆ పెట్టెలోని పదివేల ఫైళ్లూ తెరిచి చదవాలి. 300 తడవల సర్వర్‌లో ఇంకెవరూ పనిచేయకుండా ఉన్నా అది అరనిమిషం పైమాట. ఒక్క మనిషి ఒక్క పాత బిల్లు వెతికినందుకు. బ్యాకప్ ఇంకా పెద్ద పని. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలుగా ఉండే మెయిల్‌డిర్ పద్ధతిలో వెయ్యి పెట్టెల్లో ఉన్నవి కోటి ఫైళ్లు. ఫైలుకు ఒక్క తడవే అనుకున్నా, సెకనుకు 300 చొప్పున పూర్తి నకలు తీయడానికి తొమ్మిదింపావు గంటలు. ఆదివారం అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు మొదలైతే సోమవారం పదింపావు దాకా సాగుతుంది. మా సోమవారాలు మిగతా రోజులకంటే ఎందుకు ఘోరంగా ఉండేవో ఈ భాగహారం చేశాకే నాకు అర్థమైంది. వారపు బ్యాకప్‌ను శనివారం సాయంత్రానికి జరిపాం. చాలా ఉత్తరాలను ఒకే ఫైలులో కట్టగట్టే ఎండీబాక్స్ పద్ధతికి మారితే కోటి ఫైళ్లు లక్ష దరిదాపులకు తగ్గుతాయి. కానీ అందులో సూచిక పాడైతే ఉత్తరాల చదివిన గుర్తులూ ఫోల్డర్లూ కూడా పోతాయి, కాబట్టి బ్యాకప్ విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

కరెంటు పోయి సర్వర్ మళ్లీ లేచిన ఉదయాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి. బల్ల మీదున్నవన్నీ పోయి, ఆ 13 జీబీ మళ్లీ డిస్కు నుంచి రావాలి. తడవకు 16 కేబీ చొప్పున, 300 తడవలతో దాదాపు ముప్పావు గంట. అప్పటిదాకా సర్వర్ పాత 8 జీబీ రోజుల్లో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. పని వేళల్లో రీబూట్ చేయకూడదని పట్టుబట్టేది అందుకే.

మూడువేల పెట్టెలైతే అన్నిటినీ మూడుతో గుణించాలా అని అడుగుతారు. కనెక్షన్ల మెమరీ, బల్ల మెమరీ, గంట సగటు రాతలు గుణించాలి. క్లామ్ ఏవీ మెమరీ ఎంతమందికైనా అదే, గుణించనక్కర్లేదు. గుంపుల తీవ్రత జనం పెరిగినకొద్దీ కాస్త సర్దుకుంటుంది. వెయ్యి మందిలో రద్దీ నిమిషం సగటుకు మూడింతలుంటే, మూడువేల మందిలో అంతకంటే తగ్గుతుంది.

తగ్గనిది ఒకటుంది. పది గంటల ఐదు నిమిషాలకు ఆఫీసు నుంచి అందరికీ వెళ్లే సర్క్యులర్. 4 ఎంబీ పీడీఎఫ్, వెయ్యి పెట్టెలు, మా సర్వర్ ప్రతి పెట్టెకూ విడి కాపీ రాసేలా అమర్చి ఉంది. 4 జీబీ డేటా, పదిహేనువేల రాతలు. పోస్ట్‌ఫిక్స్ ఒకేసారి ఇరవై పెట్టెల చొప్పున దాన్ని తోసేస్తుంటే రెండు మూడు నిమిషాలు ఎవరి ఉత్తరమూ తెరుచుకోదు. డిస్కులు పెంచి దీన్ని గెలవబోవడం దండగ ఖర్చు. పోస్ట్‌ఫిక్స్‌లో ఒకేసారి పంచే హద్దును తగ్గించి, సర్క్యులర్ పది నిమిషాల్లో నిదానంగా చేరేలా చేశాను. సెకనుకు రెండు ఉత్తరాల లోపు, పాతిక రాతలు. ఏఓ గారికి ముందే ఫోన్ చేసి, మీరు పదీ ఐదుకు పంపింది కొందరికి పదీ పదిహేనుకు చేరుతుందండీ, ఫర్వాలేదా అని అడిగాను. "మీటింగ్ మూడింటికి కదండీ" అన్నారాయన.